లెక్కకు మించి కుంగే కురచ దూలం

సాగర్ ఎడమ కాలువ నుంచి నీరు వచ్చే మా నడిగూడెం పొలాల్లో పంట కాలువలు దాటడానికి అక్కడక్కడ అడ్డంగా చెక్కలు వేసి ఉంటాయి. వాటి మీద నడిచేటప్పుడు చెక్క మధ్యలో కిందికి కుంగి, మనిషి దాటగానే మళ్ళీ పైకి లేస్తుంది. కాలువ వెడల్పుగా ఉన్నచోట ఈ కుంగుదల కంటికి బాగా కనిపిస్తుంది. సన్నని బోదె మీద వేసిన చెక్క అసలు కదలనట్లే ఉంటుంది. ఇది మీ అందరికీ తెలిసిన విషయమే.

అయితే తెలియని విషయం ఒకటుంది. ఇంజనీరు దగ్గర ఈ కుంగుదలను ముందుగానే చెప్పగలిగే సూత్రం ఒకటి ఉన్నది. పొడవైన చెక్కకు ఆ సూత్రం చెప్పే విలువ, కొలిచిన విలువ దాదాపు సరిపోతాయి. చెక్కను కురచగా చేస్తూ పోయినకొద్దీ కొలిచిన కుంగుదల లెక్కలో వచ్చినదానికంటె ఎక్కువగా ఉంటుంది. చెక్క మరీ కురచగా, ఎత్తుగా ఉంటే లెక్కకు దాదాపు రెట్టింపు కుంగవచ్చు! లోపం చెక్కలో లేదు, కూడికలోనూ లేదు. సూత్రం ఏదో ఒకదాన్ని వదిలివేసింది. ఆ వదిలివేసినదేమిటో, దాన్ని ఎలా లెక్కించాలో ఇప్పుడు చూద్దాం.

వంపు అంటే ఏమిటి?

రెండు ఆధారాల మీద ఉంచిన దూలాన్ని ఊహించుకోండి. దాని నడుమ ఒక బరువు పెట్టాము. దూలం కిందికి వంగుతుంది. వంగినప్పుడు పై భాగం నొక్కుకొని కాస్త పొట్టిదవుతుంది. కింది భాగం సాగి కాస్త పొడవవుతుంది. సరిగ్గా మధ్య ఎత్తులో ఉన్న పొర మాత్రం సాగదు, కుదించుకుపోదు. దానిని తటస్థ పొర అంటారు.

చెక్క సాగడానికి, కుదించుకోవడానికి ఎంత మొండికేస్తుందో చెప్పేది యంగ్ గుణకం. దీన్ని E అనే అక్షరంతో గుర్తిస్తారు. E ఎక్కువైతే దూలం తక్కువ వంగుతుంది.

దూలాల గురించి మొట్టమొదట శాస్త్రీయంగా ఆలోచించినవారిలో గెలీలియో ఒకడు. 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన దూలం ఎంత బరువుకు విరుగుతుందనే ప్రశ్నను చర్చించాడు. తరువాత పద్దెనిమిదో శతాబ్దంలో బెర్నూలీ కుటుంబానికి చెందిన గణితవేత్తలు, ఆయిలర్ కలిసి దూలం ఎలా వంగుతుందో చెప్పే సిద్ధాంతాన్ని రూపొందించారు. దానినే ఆయిలర్-బెర్నూలీ సిద్ధాంతం అంటారు. ఈనాటికీ ఇంజనీరింగు విద్యార్థులు మొదట నేర్చుకొనేది ఇదే.

ఈ సిద్ధాంతం ఒక ఊహ మీద నిలబడి ఉన్నది. దూలం పక్కన నిలువుగా గీతలు గీశారనుకోండి. దూలం వంగిన తరువాత కూడా ఆ గీతలు తిన్నగానే ఉంటాయనీ, వంగిన మధ్య పొరకు లంబంగానే ఉంటాయనీ ఆ ఊహ. అంటే గీతకూ పొరకూ మధ్య కోణం మొదట 90 డిగ్రీలు. వంగిన తరువాత కూడా 90 డిగ్రీలే. ఈ ఊహ వల్ల లెక్క చాలా సులువైంది. మధ్యలో P అనే బరువు, ఆధారాల మధ్య దూరం L అయితే మధ్యలో కుంగుదల ఇలా వస్తుంది:

కుంగుదల = PL³ / 48EI

ఇందులో I దూలం మధ్యచ్ఛేదం ఆకారం మీద ఆధారపడే రాశి. వెడల్పు b, ఎత్తు h ఉన్న దీర్ఘచతురస్రాకారపు దూలానికి I = bh³/12.

L మీద ఉన్న ఘాతాన్ని గమనించండి. దూరాన్ని సగం చేస్తే వంపు వల్ల వచ్చే కుంగుదల ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ సంగతి మనకు ముందుముందు అవసరమవుతుంది.

నోటుపుస్తకం చెప్పే పాఠం

ఇప్పుడొక చిన్న ప్రయోగం చేయండి. రెండు వందల పేజీల నోటుపుస్తకం తీసుకొని, కుట్టులేని అంచు మీకు కనిపించేలా పట్టుకొని వంచండి. పేజీలు ఒకదాని మీద ఒకటి జారి, తిన్నగా ఉన్న అంచు మెట్లు మెట్లుగా ఏటవాలుగా మారుతుంది. ఇప్పుడు ఆ అంచును గట్టి క్లిప్పులతో బిగించి మళ్ళీ వంచి చూడండి. ఈసారి వంచడం కష్టం. ఎందుకంటే పేజీలు జారడానికి వీలు లేదు.

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? వంగే వస్తువులో పొరలన్నీ ఒకదాని మీద ఒకటి జారాలని ప్రయత్నిస్తాయి. గట్టి దూలంలో పొరలు అతుక్కొని ఉంటాయి కాబట్టి జారలేవు. జారకుండా ఆపాలంటే వాటి మధ్య ఒక బలం పని చేయాలి. ఏకాంక వైశాల్యం మీద పనిచేసే ఆ బలమే విరూపణ ప్రతిబలం. ఇంజనీర్లు దీనిని షియర్ అని పిలుస్తారు.

ఈ బలాన్ని దూలాల్లో మొదట స్పష్టంగా గుర్తించి లెక్కగట్టినవాడు జురావ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు. సెయింట్ పీటర్స్‌బర్గు, మాస్కో నగరాలను కలుపుతూ 1851లో ప్రారంభమైన రైలుమార్గం మీద ఆయన కొయ్య వంతెనలు కట్టాడు. కొయ్య దూలాలు నిలువుగా విరగడమే కాదు, కొన్నిచోట్ల నార వెంట అడ్డంగా చీలిపోవడానికి కూడా ఆస్కారముందని ఆయన గ్రహించాడు. పొరలు జారబోయే ప్రయత్నమే ఆ చీలికకు కారణం. రాయిలోకంటే, ఇనుములోకంటే కొయ్యలో ఈ సంగతి ముందుగా బయటపడింది. ఎందుకో త్వరలోనే తెలుస్తుంది.

ప్రతిబలం ఉన్నచోట వికృతి లేకుండా ఉంటుందా?

మీ భౌతికశాస్త్ర పాఠంలో హుక్ నియమం ఉన్నది. ప్రతిబలం ఉంటే దానికి అనులోమానుపాతంలో వికృతి కూడా ఉంటుంది. లాగితే సాగుతుంది, నొక్కితే కుదించుకుంటుంది. పొరల వెంట జారేలా తోస్తే కోణం మారుతుంది. చతురస్రాకారపు రబ్బరు ముక్క పై ముఖాన్ని పక్కకు నెడితే చతురస్రం కాస్తా ఒరిగిన చతుర్భుజమవుతుంది కదా! ఆ ఒరిగిన కోణమే విరూపణ వికృతి. ఒక పదార్థం ఇలా ఒరగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పేది దృఢతా గుణకం. దీని గుర్తు G.

ఇప్పుడు ఆయిలర్-బెర్నూలీ ఊహను మళ్ళీ గుర్తుకు తెచ్చుకోండి. నిలువు గీతకూ మధ్య పొరకూ నడుమ కోణం 90 డిగ్రీలుగానే ఉంటుందన్నారు. కోణం మారలేదంటే విరూపణ వికృతి సున్నా. కాని దూలంలో విరూపణ ప్రతిబలం ఉన్నదని నోటుపుస్తకం చెబుతున్నది. ప్రతిబలం ఉండి, వికృతి మాత్రం లేకపోవడం ఎప్పుడు సాధ్యం? G అనంతమైనప్పుడే! అటువంటి పదార్థం ప్రపంచంలో లేదు.

కాబట్టి పాత సిద్ధాంతం లెక్కించే దూలం అసలు దూలంకంటే బిగువైనది. అసలు దూలం వంగుతుంది, దానితోపాటు పొరలు కాస్త ఒరుగుతాయి. ఈ రెండో కదలిక కూడా దూలాన్ని కిందికే దించుతుంది. అందుకే సులువు సూత్రం ఎప్పుడూ కుంగుదలను తక్కువగా చెబుతుందే తప్ప ఎక్కువగా చెప్పదు.

ఈ రెండు కదలికలనూ కలిపి ఒక పూర్తి సిద్ధాంతంగా మలచినవారిలో ముఖ్యుడు స్టీఫెన్ తిమొషెంకో (1878-1972). 1921లో ఆయన ప్రచురించిన వ్యాసం కంపించే కడ్డీల గురించినది. అందులో ఆయన విరూపణను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఆ తరువాత ఆ పద్ధతికి తిమొషెంకో దూల సిద్ధాంతమనే పేరు స్థిరపడింది.

ఒక టేకు ముక్కతో లెక్క

మాటలు చాలు, అంకెల్లోకి వద్దాం. ఒక టేకు దూలం తీసుకుందాం. వెడల్పు 50 మి.మీ., ఎత్తు 50 మి.మీ. ఆధారాల మధ్య దూరం 1000 మి.మీ., అంటే ఒక మీటరు. మధ్యలో 1000 న్యూటన్ల బరువు పెట్టాము. ఇది సుమారు వంద కిలోల బరువు.

టేకు యంగ్ గుణకం చెట్టును బట్టి, తేమను బట్టి మారుతుంది. లెక్క సులువుగా ఉండడానికి చదరపు మిల్లీమీటరుకు 10,000 న్యూటన్లు అని తీసుకుందాం. దృఢతా గుణకం దానిలో పదహారో వంతు, అంటే 625 అనుకుందాం. కొయ్యలకు ఈ నిష్పత్తి సాధారణంగా ఈ ప్రాంతంలోనే ఉంటుంది.

మొదట వంపు. I విలువ 50 × 50³ ÷ 12, అంటే సుమారు 5,20,833. సూత్రంలో పెడితే కుంగుదల సరిగ్గా 4 మి.మీ. వస్తుంది. మీరూ వేసి చూడండి.

ఇక విరూపణ. దీనికి పెద్ద సూత్రం అక్కరలేదు. బరువు మధ్యలో ఉంది కాబట్టి ఒక్కొక్క ఆధారం 500 న్యూటన్లు మోస్తుంది. దూలం ఎడమ సగంలో ఏ చోట కోసినా ఆ కోత మీద ఇదే 500 న్యూటన్ల బలం నిలువుగా పనిచేస్తూ ఉంటుంది. కోత వైశాల్యం 2500 చదరపు మి.మీ. భాగిస్తే సగటు విరూపణ ప్రతిబలం 0.2 వస్తుంది.

ఇక్కడ ఒక సవరణ ఉంది. ఈ ప్రతిబలం ఎత్తు అంతటా ఒకే విధంగా ఉండదు. దూలం పై అంచున, కింది అంచున అది సున్నా. మధ్య పొర దగ్గర సగటుకు ఒకటిన్నర రెట్లు. ఇలా పంచుకోవడం వల్ల దూలం మొత్తం మీద ఒరుగుడు సగటు ప్రతిబలం ఇచ్చేదానికంటే ఎక్కువవుతుంది. దీర్ఘచతురస్రాకారపు దూలానికి ఆ రెట్టింపు 1.2 అని తేలింది. కాబట్టి 0.2ను 1.2తో గుణించి, G అయిన 625తో భాగించాలి. 0.000384 వస్తుంది. ఇదే ఒరుగుడు కోణం, రేడియన్లలో.

ఎడమ సగం పొడవునా కోణం ఇంతే. అంటే ఆ సగం ఒక తిన్నని వాలులాగా దిగుతుంది. వాలు పొడవు 500 మి.మీ. కాబట్టి దిగిన లోతు 0.000384 × 500 = 0.192 మి.మీ. కుడి సగం కూడా ఇలాగే దిగుతుంది. వంపు ఒక్కటే ఉంటే దూలం చక్కని విల్లులా కనిపిస్తుంది. విరూపణ ఒక్కటే ఉంటే రెండు తిన్నని వాలులు మధ్యలో కలిసినట్లుంటుంది.

మొత్తం కుంగుదల 4.192 మి.మీ. సులువు సూత్రం 4 అని చెప్పింది. తేడా వందకు అయిదు కూడా లేదు. మామూలు పనుల్లో దీన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు కురచ చేద్దాం

అదే దూలం, అదే బరువు. ఆధారాలను దగ్గరికి జరిపి వాటి మధ్య దూరాన్ని 250 మి.మీ. చేద్దాం. దూరం నాలుగో వంతయింది.

వంపు వల్ల వచ్చే కుంగుదల L ఘనంతో మారుతుంది కాబట్టి 4ను 64తో భాగించాలి: 0.0625 మి.మీ. విరూపణ సంగతేమిటి? ఒక్కొక్క ఆధారం మోసేది ఇప్పుడూ 500 న్యూటన్లే. కోత వైశాల్యమూ అదే. కాబట్టి ఒరుగుడు కోణం మారలేదు! మారినదల్లా వాలు పొడవు: 500 బదులు 125 మి.మీ. కనుక దిగిన లోతు 0.000384 × 125 = 0.048 మి.మీ.

రెండూ కలిపితే 0.1105 మి.మీ. సులువు సూత్రం చెప్పినది 0.0625. అంటే వదిలివేసిన భాగం, లెక్కించిన భాగంలో నూటికి 77 వంతులు!

ఇదే ఈ విషయానికి కీలకం. పొడవు తగ్గించినప్పుడు విరూపణ పెరగలేదు. అది కూడా తగ్గింది. కాని నెమ్మదిగా తగ్గింది. వంపు మాత్రం గబగబా పడిపోయింది. పరుగుపందెంలో వెనుకనున్నవాడు వేగం పెంచకపోయినా ముందున్నవాడు ఆగిపోతే ఇద్దరూ దగ్గరవుతారు కదా, అలాగన్నమాట.

వంపు ఎందుకంత వేగంగా తగ్గుతుంది? ఆధారాలు దూరమైనకొద్దీ బరువుకు మీటపట్టు పెరిగి ప్రతి ముక్కా ఎక్కువ వంగుతుంది; అది ఒక L. వంగే ముక్కల సంఖ్య పెరుగుతుంది. అది రెండో L. ఆ వంపులవల్ల తిరిగిన కోణం ఎక్కువ పొడవు మీద లోతుగా మారుతుంది. అది మూడో L. విరూపణలో మొదటి రెండూ లేవు. వాలు పొడవు ఒక్కటే ఉంది.

మధ్యలో బరువున్న దీర్ఘచతురస్రాకారపు దూలానికి ఈ రెండింటి నిష్పత్తిని ఇలా ఒక్క వాక్యంలో రాయవచ్చు:

విరూపణ కుంగుదల / వంపు కుంగుదల = 1.2 × (E/G) × (h/L)²

అంటే నిర్ణయించేవి రెండే. ఒకటి పదార్థం: E, G ల నిష్పత్తి. రెండోది ఆకారం: దూలం పొడవు దాని ఎత్తుకు ఎన్ని రెట్లు అన్నది. దూలం కేవలం కురచ అయితే చాలదు, ఎత్తుతో పోల్చినప్పుడు కురచ కావాలి. ఒక అడుగు పొడవున్న స్కేలు మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది కాబట్టి అది పొడవైన దూలమే. పది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు ఉన్న కాంక్రీటు దూలం కురచ దూలం.

కొయ్య ఎందుకు ముందు బయటపడింది?

ఉక్కుకు E/G సుమారు 2.6. అందువల్ల పొడవు ఎత్తుకు 10 రెట్లున్న ఉక్కు పట్టీలో విరూపణ వాటా నూటికి మూడు మాత్రమే. అదే కొలతలున్న కొయ్య దూలంలో నూటికి 19.

కారణం కొయ్య నిర్మాణంలో ఉన్నది. కొయ్య అంటే పొడవాటి నారల కట్ట. నారల వెంట లాగితే ఆ నారలన్నీ కలిసి ఎదిరిస్తాయి, కాబట్టి E ఎక్కువ. కాని ఒక నారను పక్క నార మీద జార్చడం అంత కష్టం కాదు, కాబట్టి G తక్కువ. మన నోటుపుస్తకానికి కొయ్య కొంత దగ్గరి చుట్టమే. ఉక్కులో ఇలాంటి నారల వరస లేదు, అన్ని దిక్కులా ఒకే గుణం.

రాయి సంగతి కూడా చూద్దాం. మన సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి ఆలయాలున్నాయి. ఆ మండపాల్లో స్తంభాల మీద రాతి దూలాలు పరిచి ఉంటాయి. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కాని లాగుడును ఓర్వలేదు. దూలం కింది భాగం సాగుతుందని చెప్పుకున్నాం కదా! అందుకే రాతి దూలాలతో కట్టేవారు స్తంభాలను దగ్గరగా నిలిపి, దూలాలను కురచగా, దళసరిగా ఉంచవలసి వస్తుంది. అంటే రాతి కట్టడాల్లో దూలాలు సహజంగానే ఈ వ్యాసంలోని కురచ దూలాల జాతికి చెందుతాయి.

మచ్చుకు 2 మీటర్ల దూరం, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నల్లరాతి దూలాన్ని ఊహించండి. దాని సొంత బరువుకే వంపువల్ల ఒక మిల్లీమీటరులో వందో వంతుకంటే కాస్త తక్కువ కుంగుతుంది. విరూపణ దానికి నూటికి 9 వంతులు కలుపుతుంది. కాని తల వెంట్రుక మందంకంటే ఎంతో తక్కువైన కుంగుదలలో నూటికి తొమ్మిది ఎవరికి కావాలి? అక్కడ భయపడవలసినది పగులు గురించి, కుంగుదల గురించి కాదు. ఏ సవరణకైనా ఇలా హద్దు ఉంటుంది. వాటా ఎంత అన్నదే కాదు, ఎందులో వాటా అన్నది కూడా చూడాలి.

పరీక్షశాలలో దాక్కున్న పది శాతం

మరి ఈ సవరణ నిజంగా ఎక్కడ అవసరం? కొయ్య బలాన్ని కొలిచే పరీక్షశాలలోనే అవసరం.

కొయ్య E విలువను కనుక్కోవడానికి ఒక చిన్న ముక్కను ఆధారాల మీద పెట్టి, మధ్యలో బరువు వేసి, కుంగుదల కొలుస్తారు. తరువాత సులువు సూత్రాన్ని తిరగేసి E లెక్కిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1708 ప్రకారం ముక్క మందం 5 సెం.మీ., ఆధారాల మధ్య దూరం 70 సెం.మీ. అమెరికాలో 2 అంగుళాల ముక్కకు 28 అంగుళాల దూరం. రెండింటిలోనూ దూరం ఎత్తుకు 14 రెట్లు.

మన నిష్పత్తిలో వేసి చూడండి. 1.2 × 16 ÷ 196, అంటే దాదాపు 0.098. కొలిచిన కుంగుదలలో నూటికి పదికి దగ్గరగా విరూపణ కలిసి ఉన్నది. దాన్నంతటినీ వంపు అనుకొని లెక్కవేస్తే కొయ్య ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. E తక్కువగా వస్తుంది. అందుకే అమెరికా అటవీ పరిశోధనాలయంవారి కొయ్యల గ్రంథం, ఇలా కొలిచిన E విలువకు నూటికి పది కలిపితే అసలు విలువ వస్తుందని సూచిస్తుంది.

మన టేకు ముక్కనే వేరువేరు దూరాల మీద పెట్టి, సులువు సూత్రంతో E లెక్కిస్తే ఏమొస్తుందో చూడండి:

దూరం 1000 మి.మీ. — E సుమారు 9,540
దూరం 700 మి.మీ. — E సుమారు 9,110
దూరం 500 మి.మీ. — E సుమారు 8,390
దూరం 250 మి.మీ. — E సుమారు 5,660

ముక్క ఒక్కటే. దాని E 10,000 అని మనమే అనుకున్నాం. దూరం తగ్గించినకొద్దీ E పడిపోతున్నట్లు కనిపించడమే విరూపణ ఉనికికి సాక్ష్యం. నిజమైన E ఆధారాల దూరాన్ని బట్టి మారదు కదా!

ఈ సాక్ష్యం నుంచే G ని కూడా రాబట్టవచ్చు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా (h/L)² విలువలు, నిలువుగా 1/E విలువలు గుర్తించండి. బిందువులన్నీ ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ నిలువు అక్షాన్ని తాకినచోట అసలు 1/E ఉంటుంది. రేఖ వాలు 1.2/G. ఒక్క బరువుతో, ఒక్క ముక్కతో రెండు గుణకాలూ దొరికాయన్నమాట. కొయ్య ప్రయోగశాలల్లో నిజంగా వాడే పద్ధతుల్లో ఇదొకటి.

విరూపణ బెడద లేకుండా E ని కొలిచే మార్గం కూడా ఉన్నది. ఒక్క బరువుకు బదులు రెండు సమానమైన బరువులను మధ్యకు అటూ ఇటూ సమదూరంలో పెడతారు. అప్పుడు రెండు బరువుల మధ్యనున్న భాగంలో నిలువు బలం సున్నా. ఆ భాగం వంగుతుంది కాని ఒరగదు. అక్కడి వంపును మాత్రమే కొలిస్తే చాలు.

జాగ్రత్త పడవలసినచోటు

కురచ ముక్కలతో ప్రయోగం చేసేవారిని మోసం చేసే సంగతి మరొకటి ఉంది. ఆధారాల దగ్గర, బరువు కింద కొయ్య నొక్కుకుపోతుంది. కొయ్య నారలకు అడ్డంగా చాలా మెత్తన. మనం వెతుకుతున్న కుంగుదల మిల్లీమీటరులో పదో వంతు కాగా, ఈ నొక్కుడే అంతకు తక్కువ కాకపోవచ్చు. దాన్ని కూడా కుంగుదల అనుకుంటే విరూపణ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

దీన్ని తప్పించడానికి ఒక ఉపాయముంది. ఆధారాలకు సరిగ్గా పైన, దూలం మధ్య ఎత్తులో చిన్న మేకులు కొట్టి, వాటి మీద తేలికైన పట్టీ ఒకటి ఆనిస్తారు. దూలం నడుమ భాగంలో మధ్య ఎత్తున ఉన్న గుర్తు ఆ పట్టీకంటే ఎంత దిగిందో కొలుస్తారు. అప్పుడు అంచులు నొక్కుకుపోయినా కొలతలో చేరదు. మిల్లీమీటరులో వందో వంతు చూపించే డయల్ గేజి ఇందుకు కావాలి. మామూలు స్కేలుతో ఈ కొలత సాధ్యం కాదు.

తిమొషెంకో సిద్ధాంతానికి కూడా హద్దు ఉన్నది. అది గీతలు ఒరుగుతాయని ఒప్పుకుంటుంది కాని, ఒరిగినా తిన్నగానే ఉంటాయని అనుకుంటుంది. దూరం ఎత్తుకు రెండు రెట్లకంటే తగ్గితే ఈ ఊహ కూడా నిలవదు. అక్కడ బరువు వంపు ద్వారా కాకుండా, ఏటవాలు స్తంభాల ద్వారా దిగినట్లు నేరుగా ఆధారాల వైపు పోతుంది. అది దూలం అనే మాటకంటే గోడ అనే మాటకు దగ్గర. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456, రెండు ఆధారాల మీద నిలిచిన దూలం పొడవు ఎత్తుకు రెండు రెట్లకంటే తక్కువైతే దాన్ని 'డీప్ బీమ్' అని వేరుచేసి, దానికి వేరే నియమాలు పెట్టింది.

చేసి చూడండి

పరుపుల దుకాణంలో మిగిలిపోయిన స్పాంజి పట్టీ ఒకటి సంపాదించండి. 60 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. ఎత్తు ఉంటే చాలు. దాని పక్క ముఖం మీద పెన్నుతో మధ్య ఎత్తున ఒక అడ్డగీత గీయండి. రెండేసి సెంటీమీటర్లకు ఒక నిలువు గీత గీయండి.

మొదట 50 సెం.మీ. దూరంలో ఉంచిన రెండు ఇటుకల మీద పెట్టి, నడుమ ఒక చెక్కముక్కతో మెల్లగా నొక్కండి. నిలువు గీతలు అడ్డగీతకు దాదాపు లంబంగానే ఉంటాయి. తరువాత ఇటుకలను 20 సెం.మీ. దూరానికి జరిపి మళ్ళీ నొక్కండి. ఇటుకకూ చెక్కముక్కకూ మధ్యనున్న గడులను చూడండి. చదరంగా ఉన్న గడులు ఒరిగి ఉంటాయి. ఆ ఒరుగుడు మీ కోణమానినితో కొలవదగినంత పెద్దది. ఆయిలర్-బెర్నూలీ ఊహ ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో మీ కళ్ళతో మీరే చూస్తారు.

చివరగా మీకొక లెక్క. మన టేకు దూలంలో విరూపణ కుంగుదల, వంపు కుంగుదల సరిగ్గా సమానం కావాలంటే ఆధారాల మధ్య దూరం ఎంత ఉండాలి? నిష్పత్తిని 1గా పెట్టి సాధించండి.

(జవాబు: L/h విలువ 19.2 వర్గమూలం, అంటే సుమారు 4.4. మన దూలం ఎత్తు 50 మి.మీ. కాబట్టి దూరం సుమారు 219 మి.మీ.)